పెద్దోడు, చిన్నోడు, గంధం బొట్టు

ఏ వస్తువైనా ఇంట్లోకి వచ్చిందంటే దాని కడుపులో ఏముందో చూడందే ఈశ్వరప్పకు అన్నం సహించదు. పెళ్లయిన కొత్తలో అత్తగారింట్లో గోడ గడియారం విప్పి, పెండ్యులం ఎందుకు ఆగుతుందో బావమరదులందరికీ వివరించి, తిరిగి బిగించేసరికి ఒక మరమేకు మిగిలింది. గడియారం మాత్రం నడిచింది, కాకపోతే గంట కొట్టాల్సినప్పుడల్లా ఒక దెబ్బ ఎక్కువ కొట్టేది. ఆ మిగిలిన మరను హేమావతి ఒక ఖాళీ ఊరగాయ సీసాలో వేసింది. ఇరవై ఏళ్ల సంసారంలో ఆ సీసా ముప్పాతిక దాకా నిండింది. ఎవరైనా చుట్టాలొచ్చి "మీ ఆయన ఏం చేస్తాడమ్మా?" అని అడిగితే ఆమె ముందు ఆ సీసా వైపు చూసి, తర్వాత "డిజైన్లు గీస్తాడు" అని చెప్పేది.

నిజానికి ధర్మవరంలో డిజైన్లు గీసేవాళ్లలో ఈశ్వరప్పది మంచి చెయ్యి. పట్టుచీర అంచులో పువ్వు విచ్చాలంటే మగ్గం మీద జకార్డు అనే యంత్రంలో బొక్కలు కొట్టిన అట్టల దండ తిరగాలి. ఏ అట్టలో ఎక్కడ బొక్క ఉండాలో చెప్పేది గ్రాఫు. ఈశ్వరప్ప తండ్రి ఓబుళేసు ఆ గ్రాఫులను పెన్సిల్‌తో గళ్ల కాగితం మీద నింపేవాడు. ఈశ్వరప్ప కంప్యూటర్‌లో నింపుతాడు. తేడా అంతే. ముందు గదిలో ఒక కంప్యూటర్ మీద గీయడం, వెనక రేకుల షెడ్డులో ఇంకో కంప్యూటర్ పక్కన అట్టలు కొట్టించడం. రెండు చోట్లకీ ఒకే ఫైళ్లు కావాలి కాబట్టి, పైగా ఒకసారి కంప్యూటర్‌లోని హార్డ్ డిస్క్ చెప్పాపెట్టకుండా చచ్చి ఒక సీజను పనంతా మింగేసింది కాబట్టి, అనంతపురంలో కంప్యూటర్ షాపు నడిపే గిరి మూడేళ్ల కిందట అతని చేత ఒక పెట్టె కొనిపించాడు.

టిఫిన్ క్యారియర్ అంత పెట్టె. లోపల సొరుగుల్లా బయటికి వచ్చే రెండు అరలు, వాటిలో రెండు డిస్కులు. నెట్‌వర్క్ తీగతో ఇంట్లోని కంప్యూటర్లన్నింటికీ అదే గోడౌను. ఒక డిస్క్ మీద ఏం రాస్తే రెండో దాని మీద కూడా అదే క్షణంలో అదే రాసుకుంటుంది. అద్దంలో చూసుకున్నట్టు. ఒకటి పోయినా రెండోది ఉంటుంది.

"అంటే అన్నదమ్ములన్నమాట" అన్నాడు ఈశ్వరప్ప మురిసిపోయి. ఎడమ డిస్కు అరకు "పెద్దోడు" అని, కుడి దానికి "చిన్నోడు" అని చీటీలు రాసి అంటించాడు.

"అన్నా, ఒకమాట గుర్తుపెట్టుకో" అన్నాడు గిరి వెళ్తూ వెళ్తూ. "నువ్వు తప్పు ఫైలు కొట్టేసినావనుకో, ఇద్దరూ కలిసే కొట్టేస్తారు. దొంగ పెట్టెనే ఎత్తుకపోయినాడనుకో, ఇద్దరూ పోతారు. వేరేగా ఇంగో కాపీ యాడన్నా పెట్టుకో."

"పెట్టుకుంటాలేప్పా" అన్నాడు ఈశ్వరప్ప. పెట్టుకోలేదు. అంతకంటే ఘనకార్యం ఇంకొకటి చేశాడు. పెట్టెలో ఇద్దరున్నారు గదా అనే ధైర్యంతో కంప్యూటర్లలో ఉన్న పాత ఫైళ్లన్నీ తుడిచేసి జాగా చేసుకున్నాడు. ఎలుకలు కొరికేసిన నాయన అట్టలను కూడా ఒక్కొక్కటీ చూసి కంప్యూటర్‌లోకి ఎక్కించి, మిగిలిన ముక్కలు హేమావతికి ఇచ్చాడు. ఆమె వాటితో ఒక చలికాలమంతా నీళ్లు కాచింది.

ఆ అట్టల్లో ఉండేది ఓబుళేసు సొంతంగా కట్టిన శెనక్కాయ పూల అంచు. అందరూ మామిడి పిందెలూ హంసలూ నేస్తున్న రోజుల్లో, వానలు కురిసిన ఒక ఏడు చేను గట్టు మీద కూర్చుని, వేరుశెనగ మొక్క మొదట్లో ఆకుల చాటున నక్కి ఉండే పసుప్పచ్చ పూలను చూసి గీశాడట ఆయన. ఇప్పుడు ఆ పువ్వు భూమ్మీద ఉన్నది ఆ పెట్టెలో మాత్రమే.

*

దసరా వెళ్లిన కొన్నాళ్లకు ముందు గదిలో ఏదో కూయడం మొదలుపెట్టింది.

"కీక్... కీక్..." అని. కాసేపు ఆగి మళ్లీ.

"యూపీఎస్ అయ్యుంటాది" అంది హేమావతి. కరెంటు పోయినప్పుడల్లా అది కూసేదే. కానీ కరెంటు ఉంది, ఫ్యాను తిరుగుతోంది. ఈశ్వరప్ప కళ్లు మెరిశాయి. ఇంట్లో అంతుచిక్కనిది ఒకటి దొరికింది మరి. యూపీఎస్ ఆపి చూశాడు. కూత ఆగలేదు. రేడియో, సెల్‌ఫోను ఛార్జరు, గోడమీది గడియారం, అన్నీ వరసగా అనుమానితులయ్యాయి. బల్లి అయి ఉంటుందని చీపురు తెచ్చి బీరువా వెనక కూడా వెతికాడు. చివరికి చెవి పెట్టెకు ఆనించి, "ఇదే! ఇదే కూస్తాండాది!" అన్నాడు, కనిపెట్టిన సంబరంలో అది మంచి వార్తో కాదో కూడా ఆలోచించకుండా.

కంప్యూటర్‌లో పెట్టె తాలూకు పేజీ తెరిచాడు. ఎర్రగా ఒక పట్టీ. వాల్యూమ్ డీగ్రేడెడ్. డిస్క్ రెండు, ఫెయిల్డ్. దాని కింద ఆ డిస్కు సీరియల్ నంబరు కూడా ఉంది. నిఘంటువు తీసి మొదటి మాట చూశాడు. హోదా తగ్గించు అని ఉంది.

"ఎవుని హోదా తగ్గింది?" అని అడిగింది హేమావతి.

"చిన్నోడిది" అన్నాడు ఈశ్వరప్ప. ఫైళ్లు తెరిచి చూస్తే అన్నీ తెరుచుకున్నాయి. శెనక్కాయ పూలు కూడా. ఒకటి పోయినా పని ఆగలేదు! మొదట ముచ్చటేసింది. తర్వాత మెల్లగా తట్టింది, ఇప్పుడు మిగిలింది ఒక్కటే, అది కూడా పోయిందానితో పాటు అదే రోజు కొన్నదే అని. అదే గంటలో తిమ్మప్ప స్కూటరు గుమ్మం ముందు ఆగింది.

తిమ్మప్ప మగ్గాల యజమాని. ఊళ్లో సగం వీధికి పట్టు ఇచ్చి నేయిస్తాడు. శెనక్కాయ పూల అంచు మీద మనసుపడి, బెంగళూరులో ఒక పెద్ద షాపుకు ఆ చీరలే ఇస్తానని మాటిచ్చి వచ్చాడు. మగ్గాలు పాత డిజైను దించి ఖాళీగా కూర్చున్నాయి.

"ఏమప్పా ఈశ్వరప్పా, అట్టలు ఎప్పుడిస్తావు? మా నేసేటోళ్లు మగ్గం గుంతల్లో కూసోని పులిజూదం ఆడుకుంటాండారు."

"ఎల్లుండి ఇచ్చేస్తా అన్నా."

"అదేంది, నీ పెట్టె పిట్ట మాదిరి కూస్తాండాది?"

"అది... దాని పద్ధతే అంత" అన్నాడు ఈశ్వరప్ప. ఆ పెట్టె గొప్పదనం గురించి తిమ్మప్పకు కనీసం పదిసార్లు ఉపన్యాసం ఇచ్చి ఉన్నవాడు ఇంకేమంటాడు?

తిమ్మప్ప వెళ్లగానే గిరికి ఫోను.

"భయపడద్దన్నా" అన్నాడు గిరి. "ఒకటి పోయినా అది నడుస్తాది, అందుకే కదా కొన్నింది. కొత్త డిస్కు బస్సులో పంపిస్తా, కండక్టరు మనోడే. పాత సైజుది ఇప్పుడు దొరకలే, దానికన్నా పెద్దది పంపిస్తాండా. చిన్నదైతే రోంత తక్కువున్నా తీసుకోదు. పెద్దదైతే ఎక్కువున్నది ఊరికే పడుంటాది, అంతే. ఇను బాగా. ముందర అన్ని ఫైళ్లూ ఇంగో డిస్కులోకి కాపీ తీసుకో. రెండోది, సీరియల్ నంబరు చూసుకో. పేజీలో ఉండేదీ డిస్కు మీద ఉండేదీ ఒకటేనా అని. ఆ మీదట పెట్టె ఆపి, చెడిపోయిందాన్ని తీసి, కొత్తది పెట్టు. తొందరపడాకు."

"సరేప్పా" అన్నాడు ఈశ్వరప్ప. ఈ "సరేప్పా" కూడా మూడేళ్ల కిందటి "పెట్టుకుంటాలేప్పా" లాంటిదే.

*

మధ్యాహ్నం బస్టాండులో కండక్టరు దగ్గర పొట్లం తీసుకుని వచ్చాడు. విప్పాడు. వెండిలా మెరిసే కొత్త డిస్కు. దాన్ని చేతిలో తిప్పి చూస్తుంటే గిరి చెప్పిన మొదటి పని గుర్తొచ్చింది, కాపీ తీసుకోవాలి. కాపీ పెట్టడానికి ఇంట్లో అంత డిస్కు లేదు. ఒక పూట పనికి దానికోసం మళ్లీ ఎక్కడ తిరగాలి అనుకున్నాడు. రెండోది సీరియల్ నంబరు. పెట్టె ఆపి, పెద్దోడు చిన్నోడు చీటీల వంక చూశాడు. పేజీలో ఏమని ఉంది? రెండు. రెండోవాడెవరు? చిన్నోడు. ఇంత తేలిక లెక్కకు నంబరెందుకు?

చిన్నోణ్ణి బయటికి లాగాడు. డిస్కు పైన సీరియల్ నంబరుండే చీటీ మీద నిండుగా గంధం పూసి, మధ్యలో కుంకుమ బొట్టు. ఎండి గట్టిపడింది. ఇక నంబరు చదవాలన్నా కనపడదు. "పోయినోడికి బొట్టొకటి" అని గొణిగి పక్కనున్న స్టీలు తట్టలో పడుకోబెట్టాడు. కొత్తవాణ్ణి అరలో బిగించి, ఆ ఖాళీలోకి తోసి, స్విచ్చి వేశాడు.

పెట్టె కూయలేదు. అంతకంటే అన్యాయంగా, లోపల ఎవరో గోరుతో గీరినట్టు "టక్, టక్, టక్" అని మొదలుపెట్టింది. పేజీ రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చిన పేజీలో ఫైళ్లు లేవు. శెనక్కాయ పూలు లేవు. ఏ వాల్యూమూ కనిపించలేదు, కొత్తగా ఏర్పాటు చేయమంటారా, చేస్తే ఈ డిస్కుల్లో ఉన్నదంతా పోతుంది అని ఇంగ్లీషులో అడుగుతోంది. కింద నీలం రంగులో నిగనిగలాడే ఒక బొత్తాం.

బొత్తాం కనిపిస్తే నొక్కకుండా ఉండటం ఈశ్వరప్ప జాతకంలో లేదు. నొక్కితే ఏమవుతుందో అనే ఆరాటం వేలికొసల్లోకి దిగింది. మౌసు బాణం దాని మీదికి చేరింది కూడా.

"ఏమడుగుతాంది అది?" అంది హేమావతి తలుపు దగ్గర నిలబడి.

"కొత్తగా మొదలుపెడదామా అంటాండాది."

"పాతది యాడికి పోతాది మరి?"

ఆ ప్రశ్నకు జవాబు తెరమీదే ఉంది. ఈశ్వరప్ప దాన్ని రెండోసారి చదివాడు. చేతిని మౌసు మీది నుంచి, వేడి పెనం మీది నుంచి తీసినట్టు తీశాడు. తట్టలో పడుకున్న చిన్నోణ్ణి చూశాడు. లోపల టక్ టక్ మంటున్నదెవరు?

మళ్లీ గిరికి ఫోను. ఈసారి "అప్పా" "అన్నా" ఏమీ లేకుండా మొత్తం చెప్పాడు.

"బొత్తాం నొక్కినావా?" గిరి గొంతు మారిపోయింది.

"లే."

"నిజంగా?"

"మీ వదిన మీద ఒట్టు."

"నా మీద ఎందుకు ఒట్టు?" అంది హేమావతి.

"సరే. గమ్ముండు ఇంగ. డిస్కుల పేజీ తెరువు, పెట్టెలో కుడి అరలో ఉండేదాని సీరియల్ నంబరు చదువు." చదివాడు. పొద్దున ఫెయిల్డ్ అని చూపించిన నంబరే. "ఇప్పుడు తట్టలోదాని గంధం మెల్లగా గీకి, దాని నంబరు చదువు. నీళ్లు పొయ్యద్దు!"

హేమావతి తెచ్చిన పొడిగుడ్డతో, వేలిగోరుతో గంధం రాల్చాడు. నంబరు బయటపడింది. అది వేరే నంబరు.

"అంటే..." అన్నాడు ఈశ్వరప్ప.

"అంటే బతికుండేటోణ్ణి బయటికి లాగి తట్టలో పండబెట్టినావు. చచ్చినోణ్ణి లోపల పెట్టి కొత్తోణ్ణి వాని పక్కన కూసోబెట్టినావు. పెట్టె ఆపు. ఏమీ తాకాకు. రేపు పొద్దున బస్సుకు వస్తాండా."

*

ఆ రాత్రి ఈశ్వరప్పకు నిద్ర పట్టలేదని చెప్పడం అబద్ధమవుతుంది. పట్టింది. కానీ మధ్యలో లేచి కూర్చుని, "అయినా చిన్నోడు ఎడమ పక్కకు ఎట్ల పోయినాడు?" అన్నాడు.

హేమావతి కళ్లు తెరవకుండానే, "ఆయుధపూజ" అంది.

అంతా గుర్తొచ్చింది. ఆయుధపూజ నాడు ధర్మవరంలో పని చేసే ప్రతి వస్తువుకూ విశ్రాంతి, గంధం, బొట్టు. మగ్గానికి, నాడెకు, అట్టల దండకు. కంప్యూటర్‌కు, కీబోర్డుకు. అన్నం పెట్టే వాటిలో అసలైనవి లోపల ఉన్న ఇద్దరైతే పెట్టెకు పైపైన బొట్టు పెడితే ఎట్లా అని, పెట్టె ఆపి, ఇద్దరినీ బయటికి తీసి, తట్టలో పక్కపక్కన పెట్టి, వీపు మీద గంధం పూసి, హారతి ఇచ్చింది స్వయంగా ఈశ్వరప్పే. తిరిగి లోపల పెట్టేటప్పుడు ఎవరిని ఎక్కడ పెట్టాడో అతనికే తెలియదు. చీటీలతో సహా అరలు అటూ ఇటూ అయినా పెట్టె ఏమీ అనలేదు. ఇద్దరి మీదా ఒకే రాత ఉన్నప్పుడు ఎవరు ఏ అరలో ఉంటే దానికేం? ఆ పొద్దు నుంచి పెట్టె దృష్టిలో రెండంటే పెద్దోడు. ఈశ్వరప్ప దృష్టిలో మాత్రం రెండంటే చిన్నోడే.

పొద్దున్నే గిరి దిగాడు, భుజానికి సంచితో. పెట్టె ముందు కూర్చోగానే మొహం చిట్లించాడు. ప్రతి అర ముందూ చిన్న దీపం ఉంటుంది. బాగుంటే పచ్చ, చెడితే ఎరుపు. కుడి అర దీపం మీద సరిగ్గా కుంకుమ బొట్టు.

"అన్నా, ఎర్ర దీపం మీద ఎర్ర బొట్టు పెడితే అది వెలుగుతాంటే నీకెట్ల కనపడుతుంది?"

"మంచి జాగా అనుకున్నా. సమానంగా ఉండాదని."

గిరి పెద్దోణ్ణి బయటికి తీసి తిప్పి చూశాడు. "దీని మీద చిన్న బొక్క ఉండాది చూడు. మూయద్దని పక్కన రాసి ఉంటాది. డిస్కు ఊపిరి పీల్చుకునేది దాంట్లోంచే. గంధం సరిగ్గా ఆడ్నే పూసినావు."

ఈశ్వరప్ప వంగి ఆ బొక్కను చూశాడు. "అందుకే పోయినాడా?"

"ఏమో చెప్పలేనన్నా. మూడేండ్లు రేయింబవళ్లు తిరిగినాడు, దానంతకదే పోయుండచ్చు. కానీ గంధం పూయమని మాత్రం ఎవురూ చెప్పలే."

అప్పుడే స్కూటరు చప్పుడు. తిమ్మప్ప. ఈసారి దాచడానికి ఏమీ లేదు. పెట్టె విప్పి ఉంది, తట్టలో డిస్కులున్నాయి, గంధం పొడి నేల మీద రాలి ఉంది. తిమ్మప్ప చెప్పులు విప్పి లోపలికొచ్చి, అటూ ఇటూ చూసి, "ఎవురికప్పా కర్మ?" అన్నాడు.

హేమావతి నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది. ఈశ్వరప్ప జరిగిందంతా చెప్పాడు. దాపరికం లేకుండా చెప్పడం ఒకందుకు మంచిదైంది. తిమ్మప్పకు కోపం రావాల్సిన చోట ఆసక్తి వచ్చింది. కుర్చీ లాక్కుని గిరి పక్కన కూర్చున్నాడు.

గిరి చచ్చిన పెద్దోణ్ణీ కొత్తవాణ్ణీ ఇద్దరినీ బయట పెట్టి, చిన్నోణ్ణి ఒక్కణ్ణే, గంధం బాగా దులిపి, అతనున్న ఎడమ అరలోనే తోశాడు. స్విచ్చి వేశాడు. పెట్టె కాసేపు గరగరమంది. పచ్చ దీపం వెలిగింది. "కీక్" అంది. ఆ కూత ఈశ్వరప్పకు అంత తీయగా వినిపించడం అదే మొదటిసారి. పేజీ వచ్చింది. డీగ్రేడెడ్. కింద ఫైళ్లు. అన్నీ.

"తెరువు, తెరువు" అన్నాడు తిమ్మప్ప. గళ్ల మీద పసుప్పచ్చ పువ్వు విచ్చుకుంది. ఈశ్వరప్ప కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచాడు.

"కొత్తోణ్ణి పెట్టేద్దామా?" అన్నాడు తర్వాత, చెయ్యి ముందుకు చాచి.

గిరి ఆ చేతిని సున్నితంగా పక్కకు తోశాడు. సంచిలోంచి యూఎస్‌బీ డిస్కు తీశాడు. "ముందర కాపీ. కొత్తోడికి నేర్పేటప్పుడు చిన్నోడు ఈ కొన నుంచి ఆ కొన దాకా అంతా చదివి చెప్పల్ల. ఆ పనిలోనే వాడూ కూలబడితే? ఒకే దినం కొన్నోళ్లు ఇద్దరూ."

కాపీ అయింది. నాలుగు ఫైళ్లు కంప్యూటర్‌లో తెరిచి, కాపీ కూడా తెరుచుకుంటోందని చూసుకున్నాక, గిరి పెట్టె ఆపాడు. కొత్త డిస్కును కుడి అరలో బిగించి, సీరియల్ నంబరు ఈశ్వరప్ప చేత పైకి చదివించాడు. పెట్టెను యూపీఎస్‌కు తగిలించి, కరెంటు ఎప్పుడు పోతుందని అడిగాడు. పన్నెండుకు పోయి రెండుకు వస్తుందని చెబితే, "అయితే అది వచ్చినాకనే మొదలుపెడదాం. మధ్యలో ఆగితే మళ్లీ మొదటికొస్తాది" అన్నాడు. కరెంటు వచ్చేదాకా అందరూ హేమావతి పెట్టిన సంగటి, శెనక్కాయల చట్నీ తిన్నారు.

రెండు దాటాక పేజీలో మళ్లీ ఒక బొత్తాం. దీని మాట వేరు, కొత్త డిస్కును జత చేసి వాల్యూమును బాగుచేయి అని. ఏ డిస్కును తుడిచి వాడుకోవాలో అడిగితే, నంబరు చూసి కొత్తదాన్నే ఎంచాడు గిరి.

"ఇప్పుడు నొక్కన్నా."

ఈశ్వరప్ప చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "నువ్వే నొక్కప్పా."

"నిన్న నుంచి నొక్కాలని చస్తాంటివి గదా, నొక్కు" అన్నాడు తిమ్మప్ప. నొక్కాడు. ఒక శాతం అని పడింది.

ఆ సాయంత్రం ముందు గది క్రికెట్ మ్యాచి చూసే గదిలా తయారైంది. తిమ్మప్ప వెళ్లలేదు. మగ్గం గుంతల్లో పులిజూదం ఆడేవాళ్లు ఇద్దరొచ్చి గుమ్మంలో నిలబడ్డారు. చెన్నమ్మ అనే పక్కింటి ముసలామె వచ్చి, "ఏం చూస్తాండారు?" అని అడిగి, అన్న తమ్ముడికి చదువు చెబుతున్నాడని విని, తానూ కూర్చుంది. "ఎంతయింది?" "ముప్పైరెండు." "ఇంగా అంతేనా? మొద్దోడు మాదిరుండాడే." పనికి అడ్డం లేదని గిరి చెప్పాక, ఒకవైపు శాతం నడుస్తుండగానే ఈశ్వరప్ప షెడ్డులో శెనక్కాయ పూల అంచుకు అట్టలు కొట్టించడం మొదలుపెట్టాడు. పొద్దుగూకాక పేజీలో ఎర్ర పట్టీ పోయింది. హెల్తీ అని పడింది. రెండు దీపాలూ పచ్చగా వెలిగాయి. చెన్నమ్మ వాటికి దణ్ణం పెట్టబోతే హేమావతి చెయ్యి పట్టుకుంది.

తిమ్మప్ప అట్టల కట్ట చంకలో పెట్టుకుని స్కూటరెక్కుతూ, "సంచిలోంచి తీసిన ఆ మూడో కాపీ గిరి తీసకపోతాండాడా?" అని అడిగాడు.

"లేదన్నా. అది కొనేసినా. అది ఈ ఇంట్లో ఉండదు. మీ ఇంట్లో పెడదామని..." ఈశ్వరప్ప నసిగాడు. "మా ఇంట్లో ఉంటే నేను విప్పి చూస్తా."

తిమ్మప్ప ఆ డిస్కును పట్టుకండెల బీరువాలో పెట్టి తాళం వేశాడు. నెలకోసారి ఈశ్వరప్ప వెళ్లి, ఆయన ఎదుటనే కొత్త ఫైళ్లు అందులోకి ఎక్కించి, మళ్లీ ఆయన చేతికే ఇచ్చి వస్తాడు.

మరుసటి ఏడు ఆయుధపూజ వచ్చింది. పెట్టె అరల మీది చీటీల్లో పెద్దోడూ లేడు, చిన్నోడూ లేడు. సీరియల్ నంబర్లున్నాయి. ఈశ్వరప్ప పెట్టె ఆపాడు, కానీ విప్పలేదు. దీపాలకూ గాలి సందులకూ దూరంగా, పైన ఒక మూల మీద చిన్న బొట్టు పెట్టి చేతులు జోడించాడు. చచ్చిన పెద్దోణ్ణి మాత్రం తట్టలో పెట్టి, మరలన్నీ విప్పి, లోపల అద్దంలా మెరిసే పళ్లాన్ని మొదటిసారి కంటితో చూసి, వీపు నిండా గంధం పూశాడు. తిరిగి బిగిస్తే మూడు మరలు మిగిలాయి.

హేమావతి సీసా మూత తీసి పట్టుకుంది.